టికెట్ నంబరు చేతికి రానిదే చాట్ మూయకండి

మా బాబాయి కాకినాడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కిందటి వేసవిలో పిన్ని కోసం ఆన్‌లైన్‌లో వెట్ గ్రైండర్ తెప్పించారు. ధర 5,490 రూపాయలు. యూపీఐలో కట్టారు. జూన్ 2న పెట్టె విప్పితే డ్రమ్ము అంచు పగిలి ఉంది. రిటర్న్ పెట్టారు. 4న కొరియర్ అబ్బాయి వచ్చి పట్టుకెళ్లాడు. 6న యాప్‌లో ఆకుపచ్చ అక్షరాలతో "Refund completed" అని కనబడింది. బ్యాంకులో మాత్రం పైసా పడలేదు.

నాలుగు రోజులు యాప్‌లోని చాట్‌తో కుస్తీ పట్టి, పదో తారీకు పొద్దున్నే నాకు ఫోన్ చేశారు. "ఏరా, వీడెవడోగాని నేను అడిగింది తప్ప అన్నీ చెబుతున్నాడు. అసలు మనిషేనా?" అన్నారు. ఆ చాట్ స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. చూస్తే నవ్వొచ్చింది, జాలీ వేసింది. డీఈఓ గారికి అర్జీ పెట్టుకున్నట్టు, "అయ్యా, నమస్కారములు" అని మొదలుపెట్టి పన్నెండు వరుసలు రాశారు. దానికింద బాట్ జవాబు ఒక్క ముక్క: కింది వాటిలో ఒకటి ఎంచుకోండి. ఆయన ఎంచుకున్నారు. మీ రిఫండ్ 6న పూర్తయిందని చెప్పింది. రాలేదన్నారు. అయిదు నుంచి ఏడు పనిదినాలు ఆగమంది. ఉపయోగపడిందా అని అడిగింది. లేదన్నారు. మళ్లీ మొదటి మెనూ వచ్చింది. గానుగెద్దు ఎంత నడిచినా ఊరు దాటదు.

ఈ అధ్యాయంలో ఆ గ్రైండరు డబ్బు తిరిగి వచ్చేదాకా జరిగిన పనిని వరసగా చెబుతాను. వస్తువు ఏదైనా, కంపెనీ ఏదైనా దారి దాదాపు ఇదే.

బాట్ ఎందుకు తిరిగిందే తిరుగుతుంది?

బాట్‌కు మీ బాధ తెలియదు. దానికి తెలిసింది మీ ఆర్డర్ ఎదురుగా ఉన్న స్థితి ఒక్కటే. బాబాయి ఆర్డర్ ఎదురుగా "Refund completed" అని ఉంది. దాని లెక్కలో ఇది తీరిపోయిన సమస్య. అందుకే "నా రిఫండ్ ఎక్కడ" అని ఎన్నిసార్లు, ఎన్ని రకాలుగా అడిగినా, అది ఆ స్థితిని చదివి వినిపిస్తుంది. ఆయన అడగాల్సింది వేరే ప్రశ్న: "పూర్తయిందని మీరంటున్న డబ్బు ఏ నంబరు కింద వెళ్లింది?" ఈ ప్రశ్నకు దాని మెనూలో గడి లేదు. గడి లేని చోటే మనిషి అవసరం పడుతుంది.

అంటే బాట్‌ను ఒప్పించే ప్రయత్నం వృథా. దాని దగ్గర తయారుగా ఉన్న జవాబుకు అందని దారి వెతుక్కోవాలి. అందుకు నాలుగు పనులు చేశాం.

మొదటిది, హోమ్ పేజీలో ఉండే సహాయం గుర్తు నుంచి కాకుండా, ఆ ఆర్డర్ లోపలికి వెళ్లి అక్కడి నుంచి చాట్ తెరిచాం. అప్పుడు ఆర్డర్ వివరాలు చాట్‌తో పాటే వెళతాయి, తర్వాత వచ్చే మనిషి మళ్లీ మొదటినుంచి అడగాల్సిన పని తగ్గుతుంది.

రెండోది, మెనూలో "రిఫండ్ స్థితి" నొక్కలేదు. అది నొక్కితే తయారు జవాబు వస్తుందని అప్పటికే తెలుసు. అన్నిటికంటే కింద, కంటికి ఆనకుండా ఉండే "Something else" నొక్కాం. కొన్ని యాప్‌లలో ఇది "పేమెంట్ సమస్య" కింద, కొన్నింటిలో "ఇతరములు" కింద ఉంటుంది.

మూడోది, టైపు చేయమన్నప్పుడు పన్నెండు వరుసలు రాయలేదు. మూడే మాటలు కొట్టాం: "talk to agent". బాట్ ఆ వాక్యంలో తనకు తెలిసిన మాటల కోసం వెతుకుతుంది. పొడుగాటి ఉత్తరంలో "రిఫండ్", "డెలివరీ", "రిటర్న్" అనే మూడు మాటలుంటే, వాటిలో ఏదో ఒకటి పట్టుకుని మళ్లీ ఆ మెనూలోకే లాక్కెళుతుంది. మొదటిసారి అది వేరే ఏదో చెప్పింది. మళ్లీ అదే కొట్టాం. మూడోసారికి "మా ప్రతినిధితో కలుపుతున్నాం" అని వచ్చింది. చాలా బాట్లను ఇలాగే అమరుస్తారు: రెండు మూడుసార్లు తనకు అర్థం కాకపోతే మనిషికి అప్పగించడం. అన్నీ అలా ఉండవు. అలా లేని చోట ఏం చేయాలో తర్వాత చెబుతాను.

నాలుగోది, "ఇది ఉపయోగపడిందా?" అన్నప్పుడు మర్యాదకు కూడా "Yes" నొక్కలేదు. మనవాళ్లు చాలామంది, పాపం అడుగుతోంది కదా అని నొక్కేస్తారు. ఆ నొక్కుడుతో చాట్ ముగిసిపోవచ్చు. కంపెనీ పుస్తకంలో మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టే రాసుకుంటారు.

మనిషి వచ్చాక

వరసలో మీరు ఇన్నోవారని వచ్చాక ఫోన్ పక్కన పెట్టి కాఫీకి లేవకండి. మీరు పలకకపోతే కొద్ది నిమిషాల్లోనే చాట్ దానంతటది మూసుకుపోతుంది. మళ్లీ గానుగ మొదలు. కొన్ని ఫోన్లలో వేరే యాప్‌లోకి వెళ్లినా చాట్ తెగిపోతుంది. అందుకే కంప్యూటరు ఉంటే దానిలో చేయడం మేలు, ఫోన్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి చూసుకోవచ్చు.

అవతల పేరు కనబడగానే మనిషి అనుకోకండి. కొన్ని చోట్ల బాట్‌కే మనిషి పేరు పెడతారు. బాబాయి చేత ఒక చిన్న పరీక్ష పెట్టించాను: "గ్రైండర్ మా ఇంటి నుంచి ఏ తారీకున పట్టుకెళ్లారో చూసి చెప్పండి." మనిషైతే ఒక నిమిషం ఆగి, చూసి "4న" అంటాడు. బాట్ అయితే మెనూ పెడుతుంది. ఈసారి 4న అని వచ్చింది.

మనిషి వచ్చాడని తేలాక కోపాన్ని బయటపెట్టే వీలు దొరికినట్టే ఉంటుంది. ఆ వీలు వాడుకోకండి. చాట్‌లో మీ మాటలు కూడా రికార్డవుతాయి, రేపు పైవాళ్లకు చూపించాల్సిన కాగితం అదే. బాబాయి పంపింది ఇంతే: ఆర్డర్ నంబరు. 4న పట్టుకెళ్లారు. 6న రిఫండ్ పూర్తయిందని చూపిస్తోంది. 10 ఉదయం దాకా ఏ ఖాతాలోనూ జమ కాలేదు. రిఫండ్ పంపినప్పటి 12 అంకెల ఆర్.ఆర్.ఎన్. చెప్పండి.

ఈ ఆర్.ఆర్.ఎన్. అనేది యూపీఐలో ప్రతి లావాదేవీకీ పడే నంబరు. మనం డబ్బు పంపినప్పుడు యాప్‌లో యూటీఆర్ అని కనబడే 12 అంకెలూ అదే రకం. డబ్బు నిజంగా కదిలి ఉంటే ఆ నంబరు పుట్టి తీరుతుంది. అది చేతిలో ఉంటే బ్యాంకువాళ్లు వెతికి ఎక్కడ ఆగిందో చెబుతారు. కంపెనీ ఆ నంబరు ఇవ్వలేకపోతోందంటే డబ్బు వాళ్ల దగ్గర నుంచి బయలుదేరలేదని అనుమానించవచ్చు. కార్డుతో కట్టినవాళ్లు దీనికి బదులు ఏ.ఆర్.ఎన్. అడగాలి, అది 23 అంకెలది.

ఏజెంట్ ఆ నంబరు తన దగ్గర లేదన్నాడు. పైవాళ్లకు పంపి, 48 గంటల్లో చెప్పిస్తానన్నాడు. "సరే, థాంక్యూ" అని బాబాయి వేలు మూసేసే గుర్తు మీదకు వెళ్లింది. "ఆగండి బాబాయ్" అన్నాను ఫోన్‌లో. "ఏం, ఒప్పుకున్నాడుగా?" అన్నారు. ఒప్పుకున్న మనిషి రేపు అక్కడ ఉండడు. రేపు తెరిస్తే ఇంకొకరు వస్తారు, ఆయనకు మన కథ ఏమీ తెలియదు. అందుకే మూయబోయే ముందు మూడు అడిగించాను: టికెట్ నంబరు ఎంత, ఏ తారీకు ఏ గంటలోగా, మీ పేరు ఏమిటి. తర్వాత ఒక వరుస బాబాయి చేతే రాయించాను: "అంటే 12 ఉదయం 11.30 లోగా ఆర్.ఆర్.ఎన్. గానీ డబ్బు గానీ వస్తుందని మీరు చెబుతున్నారు. అవునా?" అవతలి నుంచి "అవును" అని వచ్చింది. ఆ ఒక్క "అవును" కోసమే అంతసేపు కూర్చున్నాం.

ఏ నంబరు దేనికి?

బాబాయి కాగితం మీద అప్పటికే మూడు నంబర్లు చేరాయి, నాలుగోది రావాల్సి ఉంది. దేనికేదో తెలియక ఆయన మొదట చాట్ నంబరే టికెట్ అనుకున్నారు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ఆర్డర్ నంబరు వస్తువుది. అది మారదు, కానీ ఫిర్యాదు పెట్టినట్టు దానివల్ల తెలియదు. చాట్ నంబరు ఆ ఒక్క సంభాషణది. రేపు కొత్త చాట్ తెరిస్తే కొత్తది పడుతుంది. టికెట్ నంబరు ఫిర్యాదుది. కొన్ని చోట్ల కేస్ నంబరనో, టెలికాం కంపెనీల్లో డాకెట్ నంబరనో అంటారు. ఎంతమంది ఏజెంట్లు మారినా ఇది ఒక్కటే ఉండాలి. ఆర్.ఆర్.ఎన్. డబ్బుది, బ్యాంకులో అడిగేటప్పుడు కావాల్సింది అది.

టికెట్ నంబరు కంపెనీ దయ కాదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, అమ్మకందార్లకు వేదికగా ఉండే ఆన్‌లైన్ మార్కెట్లు ప్రతి ఫిర్యాదుకూ టికెట్ నంబరు ఇవ్వాలి, దానితో ఫిర్యాదు ఎక్కడున్నదీ మనం చూసుకోగలగాలి. ఏజెంట్ "దీనికి నంబరు ఉండదండీ" అంటే, ఆ మాట చాట్‌లోనే రాయించండి. అదీ ఒక ఆధారమే.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. ప్రతిసారీ కొత్త టికెట్ తెరవొద్దు. మూడు టికెట్లు తెరిస్తే, చూసేవాళ్లకు అవి ఒక్కో రోజు వయసున్న మూడు చిన్న ఫిర్యాదుల్లా కనబడతాయి. ఒకే టికెట్‌ను పట్టుకుంటే తొమ్మిది రోజుల ఫిర్యాదవుతుంది. మళ్లీ చాట్ తెరిచినప్పుడు మొదటి మాటే "ఈ టికెట్ గురించి" అని ఉండాలి. బలవంతంగా కొత్తది ఇస్తే, పాత నంబరును అందులో రాయమనండి.

చాట్‌ను దాచుకోవడం

చాట్ మూయకముందే దాచుకోవాలి. మూసిన తర్వాత కొన్ని యాప్‌లలో మాటలన్నీ మాయమవుతాయి.

ముందు పైన మూడు చుక్కల గుర్తు నొక్కి, సంభాషణను మెయిల్‌కు పంపే వీలుందేమో చూడండి. ఉంటే అదే అన్నిటికంటే మంచిది, ఎందుకంటే అది కంపెనీ మెయిల్ నుంచే తారీకుతో సహా వస్తుంది. లేకపోతే కంప్యూటరులో Ctrl+P కొట్టి పీడీఎఫ్‌గా దాచండి. దాచాక ఒకసారి తెరిచి చూసుకోండి, చాట్ పెట్టెలో పైకి జరిగిపోయిన మాటలు కొన్నిసార్లు పీడీఎఫ్‌లోకి రావు. వాట్సాప్‌లో నడిచిన చాట్ అయితే "Export chat" ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే స్క్రీన్‌షాట్లే. బాబాయి తీసినవి మొదట పనికిరాలేదు. తనకు నచ్చిన ముక్క వరకే కత్తిరించి పంపారు, తారీకు లేదు, గంట లేదు, ముందు ఏమన్నారో లేదు. మళ్లీ తీయించాను. మొదటి దానిలో ఆర్డర్ నంబరు కనబడాలి. ఒక్కో దానిలో చివరి మాట, తర్వాత దానిలో మొదటి మాటగా మళ్లీ రావాలి. అప్పుడే మధ్యలో ఏమీ తీసేయలేదని చూసేవాళ్లకు తెలుస్తుంది. పైన ఫోన్ గడియారం కత్తిరించకూడదు. చివరి మాట మళ్లీ రావాలన్న సంగతి చెప్పగానే, "గుణకారంలో అంకె మోసుకెళ్లినట్టు" అన్నారాయన. లెక్కల మాస్టారికి ఇంకేం చెప్పక్కర్లేదు.

దాచినదాని పేరు తారీకుతో మొదలుపెట్టండి. ఇలా:

```
0610_grinder_chat1.pdf
0612_grinder_chat2.pdf
0615_grinder_mail.pdf
```

ఫోన్‌లో వరసగా నిలబడతాయి, ఏది ముందో ఏది తర్వాతో వెతుక్కోనక్కర్లేదు.

రెండో చాట్

12న ఉదయం 11.30 దాటింది. డబ్బు రాలేదు. పైగా టికెట్ పరిష్కరించామని ఎస్సెమ్మెస్ వచ్చింది. ఇదే సమయంలో చాలామంది కాడి పడేస్తారు. బాబాయి మాత్రం మళ్లీ చాట్ తెరిచి, టికెట్ నంబరు కొట్టి, మనిషి దాకా వెళ్లారు. ఈసారి ఒక అమ్మాయి. "మీ రిఫండ్ పూర్తయింది సర్, మీ బ్యాంకును అడగండి" అంది.

మొదటి చాట్ దాచుకోకపోయి ఉంటే కథ అక్కడితో ఆగేది. ఆయన మాట్లాడలేదు. పదో తారీకు చాట్‌లో తన ప్రశ్న, దాని కింద ఉన్న "అవును", ఆ రెండు వరుసలనూ తెచ్చి అతికించారు. "ఆర్.ఆర్.ఎన్. ఇస్తే బ్యాంకుకు ఇప్పుడే వెళతాను" అని రాశారు. అయిదు నిమిషాలు అవతల మాట లేదు. తర్వాత వచ్చింది: రిఫండ్ పంపే ప్రయత్నం 6న విఫలమైంది, స్థితి మాత్రం మారలేదు, నంబరు పుట్టలేదు, మూడు రోజుల్లో మళ్లీ పంపుతాం. ఆకుపచ్చ అక్షరాలు ఆరు రోజులుగా అబద్ధం చెబుతున్నాయన్నమాట.

మళ్లీ అదే పద్ధతి. గడువు 15 అని రాయించి, "అవునా" అని అడిగి, దాచుకుని అప్పుడు మూశారు.

బాట్ దారి ఇవ్వకపోతే

15 సాయంత్రానికీ డబ్బు రాలేదు. మూడోసారి చాట్ తెరవబోతే వద్దన్నాను. రెండు గడువులు తప్పిన తర్వాత చాట్‌లో కూర్చునేవాళ్ల చేతిలో ఏమీ ఉండదు, వాళ్లు పైవాళ్లకు పంపడమే చేయగలరు. మనమే పైకి వెళ్లాలి. బాట్ ఏం చేసినా మనిషిని ఇవ్వని చోట కూడా ఇదే దారి.

ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థకూ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు సైటులోనో యాప్‌లోనో పెట్టాలి. సాధారణంగా పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి. నేను చెప్పిన 2020 నిబంధనల ప్రకారమే ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, అందిన నెలలోగా తీర్చాలి.

బాబాయి మెయిల్ ఎనిమిది వరుసలు. సబ్జెక్టులో ఆర్డర్ నంబరు, టికెట్ నంబరు. లోపల తారీకుల వరస: 4న పట్టుకెళ్లారు, 6న పూర్తయిందన్నారు, 10న 48 గంటలన్నారు, 12న విఫలమైందని మీరే చెప్పారు, 15 గడువు దాటింది. చివర అడిగింది ఒక్కటే: 5,490 రూపాయలు, ఆర్.ఆర్.ఎన్. తో సహా. రెండు చాట్లూ, బ్యాంకు స్టేట్‌మెంటూ జతచేశారు. స్టేట్‌మెంటులో తక్కిన లావాదేవీలు మూసేశారు. "మోసం", "దగా" లాంటి మాటలు ఒక్కటీ లేవు. 17న అందిందని జవాబు వచ్చింది. 19 మధ్యాహ్నం డబ్బు పడింది, 12 అంకెల నంబరుతో.

అప్పటికీ రాకపోయి ఉంటే తర్వాతి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు. సైటు consumerhelpline.gov.in. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు, తీర్పు చెప్పే అధికారం వాళ్లకు లేదు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి. కాబట్టి డబ్బు వచ్చేదాకా ఆ ఫైళ్లు తీసేయకండి. గొడవ బ్యాంకుతోనే అయితే, ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు చూసి, ఆ తర్వాత cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. అన్ని చోట్లా మొదట అడిగేది ఒకటే: కంపెనీకి ఎప్పుడు చెప్పారు, ఏ నంబరు ఇచ్చారు?

ఒక్కటి మాత్రం చేయొద్దు. బాట్‌తో విసిగిపోయి కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకకండి. ఆ విసుగు కోసమే కాచుకుని దొంగ నంబర్లు పెట్టేవాళ్లుంటారు. "రిఫండ్ పంపుతాం, ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ చూపించండి" అంటారు. నంబరు యాప్ లోపల, లేదా బిల్లు మీద ఉన్నదే వాడండి. రిఫండ్ తీసుకోవడానికి ఓటీపీ గానీ యూపీఐ పిన్ గానీ అక్కర్లేదు. పొరపాటున చెప్పేసి డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి.

బాబాయి పుస్తకం

ఇప్పుడు బాబాయి ఇంట్లో టీవీ పక్కన ఒక పాత నోటు పుస్తకం ఉంటుంది. ఫోన్ బిల్లు, గ్యాసు, పిన్ని మందులు, ఏ ఫిర్యాదైనా అందులో ఒక వరుస. ఆరు గడులు గీశారు: తారీకు, గంట, ఎవరు మాట్లాడారు, టికెట్ నంబరు, ఏం చెప్పారు, గడువు. చివరి గడి ఎర్ర సిరాతో రాస్తారు. గడువు రోజున పొద్దున్న కాఫీతోపాటు ఆ పేజీ తెరుస్తారు.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. గ్రైండరు వరుస చివర "19-6, మ. 2.10, జమ" అని రాసి, కింద ఆర్.ఆర్.ఎన్. వేసి, రెండు గీతలు కొట్టి ఉంది. లెక్క సరిపోయినప్పుడు పిల్లల నోటు పుస్తకాల్లో ఆయన అలాగే కొట్టేవారు.

ఈ అధ్యాయం మూసే ముందు మీరూ ఒక పని చేయండి. మీ ఫోన్‌లో తేలకుండా ఉన్న ఫిర్యాదు ఒకటి తీసి, దానికి ఈ ఆరు గడులూ నింపండి. నాలుగో గడి ఖాళీగా ఉంటే మీరు ఇంకా ఫిర్యాదు చేయనట్టే. ముందు అక్కడి నుంచి మొదలుపెట్టండి.